చంద్రగిరి కోట టికెట్టు, బోర్డుల మీద రాసింది తెలుగులో: మన సంఘం వాళ్లకి

పెద్దమ్మా, చిన్నోడు చంద్రగిరిలో తీసి పంపిన నాలుగు ఫోటోలూ పెద్దవి చేసుకుని చదివాను. ఒకటి కౌంటర్‌లో ఇచ్చిన టికెట్టు. ఒకటి ఫోన్‌లో కొన్న టికెట్టు. మూడోది గేటు దగ్గరి బోర్డు, నాలుగోది రాజమహల్ మ్యూజియం బోర్డు. ఫోటోల్లో పడింది ఇంగ్లీషు, హిందీ భాగాలే కాబట్టి ఒక్క ముక్క వదలకుండా తెలుగులో రాశాను. సంఘం మీటింగ్‌లో చదివి వినిపించు. నా మాటలు ఎక్కడున్నాయో, బోర్డు మాటలు ఎక్కడున్నాయో తెలిసేట్టు విడివిడిగా పెట్టాను.

అన్నిటికన్నా ముందు ఒక మాట. మీరు అనుకున్న శుక్రవారం వద్దు. తిరుచానూరు అమ్మవారికి శుక్రవారం విశేషం కాబట్టి మీరందరూ ఆ రోజు పెట్టుకున్నారు, అది నాకు తెలుసు. కానీ మ్యూజియానికి సెలవు శుక్రవారమే. ఆ మ్యూజియం ఉండేది రాజమహల్ లోపల. అంటే పాలమనేరు నుంచి బస్సు మాట్లాడుకుని అంత దూరం వచ్చి, మహల్‌ని బయట నుంచి చూసి వెళ్లిపోవాలి.

మ్యూజియం బోర్డు

భారత పురావస్తు సర్వేక్షణ శాఖ
పురావస్తు మ్యూజియం, చంద్రగిరి
సందర్శన వేళలు: ఉదయం 10 గంటల నుంచి సాయంత్రం 5 గంటల వరకు
సెలవు: ప్రతి శుక్రవారం
ప్రదర్శనలో ఉంచిన వస్తువులను తాకరాదు. ఫ్లాష్ వేసి ఫోటోలు తీయరాదు. నిశ్శబ్దం పాటించండి. మీ సంచులను సిబ్బంది తనిఖీ చేస్తారు, సహకరించండి.

ఫ్లాష్ సంగతి ఫోన్ ఉన్న ప్రతి ఒక్కరికీ చెప్పు. చాలా ఫోన్లలో అది దానంతట అదే వెలుగుతుంది, లోపలికి పోకముందే ఆపేసుకోవాలి. తాకవద్దన్నది కూడా ఊరికే రాసిన మాట కాదు. లోపల ఉన్నవి పాత రాతి విగ్రహాలు, కంచు విగ్రహాలు. గుడిలో అలవాటుగా పాదాలకి చెయ్యి ఆనించి కళ్లకద్దుకుంటాం కదా, ఇక్కడ అలా చెయ్యకూడదు. దూరం నుంచే దండం పెట్టుకోండి. తిరుమల గుడిలో కృష్ణదేవరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి చేతులు జోడించి నిలబడ్డ విగ్రహాలు ఉన్నాయి చూడు. క్యూలో తోపులాటలో వాటిని నిదానంగా ఎప్పుడూ చూడలేదు అంటావు కదా, వాటి నమూనాలు ఈ మ్యూజియంలో ఉన్నాయి. ఎంతసేపైనా నిలబడి చూడొచ్చు. నువ్వు ఇవి చూడకుండా తిరిగిపోతే నాకు మనసొప్పదు.

ఫోన్‌లో కొన్న టికెట్టు మీద, కింద చిన్న అక్షరాల్లో ఉన్నది

1. ఈ టికెట్టును మరొకరి పేరుకు మార్చడానికి వీలు లేదు.
2. ప్రవేశ రుసుము తిరిగి ఇవ్వబడదు.
3. టికెట్టు రద్దు చేసుకోవడానికి అనుమతి లేదు.
4. సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం వరకు కట్టడం సందర్శకుల కోసం తెరిచి ఉంటుంది.
5. ప్రవేశం వద్ద ఫోటో ఉన్న గుర్తింపు కార్డు అసలు ప్రతిని చూపించాలి.
6. తినుబండారాలను కట్టడం లోపలికి అనుమతించరు.
7. మండే స్వభావం గలవి, ప్రమాదకరమైనవి, పేలుడు పదార్థాలు లోపలికి తీసుకురాకూడదు.
8. ఈ ప్రాంగణంలో పొగ తాగడం నిషేధం.

ఇందులో మొదటి మూడు వరుసలే మనకి ముఖ్యం. అంత చిన్న అక్షరాల్లో ఉన్నా డబ్బు సంగతి మొత్తం వాటిలోనే ఉంది. ఒకసారి ఫోన్‌లో డబ్బు కట్టామంటే అంతే. జ్వరం వచ్చి ఒకరు ఆగిపోయినా, బస్సు దారిలో చెడిపోయినా, వాన పడి ప్రయాణం మానుకున్నా రూపాయి వెనక్కి రాదు. రాలేని మనిషి బదులు ఆమె తోడికోడల్ని పంపడానికీ లేదు, ఎందుకంటే టికెట్టు మీద పేరు ఉంటుంది, గేటు దగ్గర కార్డు అడుగుతారు. తేదీ కూడా అంతే. గురువారానికి కొన్నది శనివారం చెల్లదు.

నాలుగో వరుస చూసి ఎవరైనా 'పొద్దున ఆరుకే పోదాం, ఎండ ఉండదు' అంటే ఒప్పుకోవద్దు. సూర్యోదయం అన్నది కోట ఆవరణకి. మ్యూజియం తలుపు తీసేది పదికే.

కౌంటర్ టికెట్టు

భారత పురావస్తు సర్వేక్షణ శాఖ
కట్టడం: చంద్రగిరి కోట, రాజమహల్, రాణిమహల్
ప్రవేశ రుసుము: భారతీయులకు ఒక్కొక్కరికి 25 రూపాయలు. నగదు లేకుండా చెల్లిస్తే 20 రూపాయలు.
సార్క్, బిమ్‌స్టెక్ దేశాల పౌరులకు భారతీయులతో సమానంగా.
ఇతర విదేశీయులకు 300 రూపాయలు. నగదు లేకుండా చెల్లిస్తే 250 రూపాయలు.
15 ఏళ్ల లోపు పిల్లలకు ప్రవేశం ఉచితం.
వీడియో తీయడానికి 25 రూపాయలు అదనం.
టికెట్టును బయటికి వెళ్లే వరకు దాచి ఉంచుకోండి. అడిగినప్పుడు చూపించాలి. ఒక్కరికి, ఒక్క రోజుకు మాత్రమే చెల్లుతుంది. రుసుము తిరిగి ఇవ్వబడదు.

పెద్దమ్మా, లెక్క చూడు. పెద్దవాళ్లు 28 మంది. కౌంటర్‌లో నోట్లు ఇచ్చి కొంటే 700, ఫోన్‌లో కడితే 560. మిగిలేది 140 రూపాయలు. అందుకే కార్యదర్శి అక్క ముందే కొనేద్దాం అంటోంది. కానీ ఆ రోజు ఆరుగురు రాలేకపోయారనుకో, మిగతా 22 మందికి కౌంటర్‌లో అయ్యేది 550. మనం ముందే కట్టామంటే ఆ 560లో రూపాయి కూడా తగ్గదు. సంఘం డబ్బుకి లెక్క చెప్పాల్సింది నువ్వు. నా మాట విని ముందుగా కొనవద్దు. గేటు బోర్డు కింద మూలన నలుపు తెలుపు గళ్ల గుర్తు ఉంది, చిన్నోడి ఫోటోలో స్పష్టంగా కనబడుతోంది. దాన్ని ఫోన్‌తో స్కాన్ చేసి అక్కడికక్కడే 20 రూపాయల ధరకి కొనుక్కోవచ్చు. అందరూ బస్సు దిగాక తలలు లెక్కపెట్టి కొంటే వెనక్కి ఇస్తారా ఇవ్వరా అన్న టెన్షనే ఉండదు.

పిలకాయలకి టికెట్టు లేదు గానీ పదో తరగతి పిల్ల ఉంది కదా, చూస్తే పెద్దదానిలా కనబడుతుంది. 15 నిండాయో లేదో ఆధార్ చూసి చెబుతారు, కాబట్టి కార్డు తెమ్మను. జిరాక్స్ కాదు, అసలుది.

గేటు దగ్గరి బోర్డు

ఈ కట్టడం 1958 నాటి పురాతన కట్టడాలు, పురావస్తు స్థలాలు, అవశేషాల చట్టం ప్రకారం జాతీయ ప్రాముఖ్యం గలదిగా ప్రకటించబడింది. దీన్ని ధ్వంసం చేసినా, పాడుచేసినా, రూపు మార్చినా, గీతలు గీసి వికృతం చేసినా, దుర్వినియోగం చేసినా రెండేళ్ల వరకు జైలు శిక్ష లేదా లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించబడతాయి.

కిందివాటికి అనుమతి లేదు:
గోడల మీద రాయడం, చెక్కడం, రంగులు పూయడం.
వంట చేయడం, అనుమతించిన చోట తప్ప తినడం.
మద్యం, పొగాకు, సిగరెట్లు, అగ్గిపెట్టెలు, లైటర్లు.
ఆయుధాలు, పేలుడు పదార్థాలు, టపాసులు.
ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సంచులు, గ్లాసులు, పళ్లేలు.
పెంపుడు జంతువులు.
సరుకులు అమ్మడం, భిక్షాటన.
ముందుగా అనుమతి పొందకుండా కెమెరా స్టాండ్లు, డ్రోన్లు, సినిమా షూటింగులు.
కేటాయించిన స్థలంలో తప్ప వాహనాలు నిలపడం.
గోడలు, బురుజులు, కిటికీల మీదికి ఎక్కడం.

చివరి వరుసలో ఇంగ్లీషు మీద ఎండ పడి కనబడలేదు. పక్కన హిందీలో బాగానే ఉంది, దాన్ని చూసి రాశాను.

ఇందులో మన వాళ్లకి తగిలేవి కొన్నే. సారాయీ డ్రోనూ మన దగ్గర ఎవరికీ లేవు. ఇబ్బంది అంతా అన్నం దగ్గరే. చిత్రాన్నం, పెరుగన్నం కట్టుకుని వచ్చి రాజమహల్ ముందు పచ్చిక మీద కూర్చుని తిందాం అని పోయిన మీటింగ్‌లో అనుకున్నారని చిన్నోడు చెప్పాడు. అది కుదరదు. బస్సులోనో, బయట చెట్టు నీడనో తినేసి, చేతులు కడుక్కుని లోపలికి పొండి. ఆకులూ కాగితాలూ మూటగట్టి బస్సులోనే పెట్టుకోండి. సుగర్ ఉన్నవాళ్లు ఇద్దరున్నారు, వాళ్లు మందులు, బిళ్లల చీటీ చేతిలో పెట్టుకోవాలి. ఏదైనా తినాల్సి వస్తే దాచుకుని తినకుండా గేటు దగ్గరే సిబ్బందికి చెప్పమను. నీళ్లకి స్టీలు సీసాలు తెచ్చుకుంటే ప్లాస్టిక్ గొడవ ఉండదు.

వక్కపొడి, పొగాకు పెట్టుకునే సంచులు కూడా బస్సులోనే వదలమని చెప్పు. పొగాకు అని రాసి ఉంది కాబట్టి సంచి విప్పి చూసినప్పుడు అది కనబడితే పెద్దవాళ్లకి నలుగురిలో చిన్నతనం అవుతుంది. కర్పూరం, అగ్గిపెట్టె ఉన్న పూజ సంచీ అంతే. తిరుచానూరు కోసం తెచ్చుకున్నా సరే, కోట లోపలికి వద్దు.

గోడల మీద పేర్లు రాసే సంగతి పిలకాయలకి గట్టిగా చెప్పాలి. జైలు మాట చెప్పి భయపెట్టమని కాదు. మూడంతస్తుల మహల్‌ని కొయ్య దూలం అన్నది లేకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టారు. తళ్లికోట యుద్ధం 1565లో అయ్యాక, ముందు పెనుకొండ, ఆ తర్వాత ఈ చంద్రగిరే విజయనగర రాజులకి రాజధాని. మన పక్కనే ఉన్న ఊరు అంత పెద్ద రాజ్యానికి ఇల్లు అయింది. దాని సున్నం మీద మేకుతో గీస్తే ఆ గీత మళ్లీ పూడదు. ఇది చెబితే మన పిల్లలు వింటారు.

ఇక రోజు సంగతి. గురువారం పొద్దున ఆరుకి పాలమనేరులో బయల్దేరండి. చిత్తూరు మీదుగా వస్తూ కాణిపాకంలో వినాయకుడి దర్శనం చేసుకుని, మధ్యాహ్నానికి చంద్రగిరి చేరితే, తిని ఒంటిగంటకి లోపలికి పోవచ్చు. మహల్ మెట్లు ఎక్కలేనివాళ్లు కింద నిదానంగా చూసుకునేంత టైమ్ ఉంటుంది. నాలుగున్నరకి బయటపడితే చీకటి పడకముందే తిరుచానూరు వచ్చేస్తారు. రాత్రికి అక్కడే ఉండి శుక్రవారం తెల్లారి అమ్మవారి దర్శనం చేసుకోండి. మీరు కోరుకున్న వారమే దక్కుతుంది, మహల్ కూడా చూసినట్టు అవుతుంది. ఒక రాత్రి గది ఖర్చు పెరుగుతుంది, అది సంఘంలో అడిగి తేల్చుకో.

గురువారానికి అందరూ ఒప్పుకుంటే బస్సు డ్రైవర్‌కి తేదీ మార్చి చెప్పి, నాకు ఫోన్ చెయ్యి. నేను తిరుపతి నుంచి నేరుగా చంద్రగిరి గేటు దగ్గరికి వస్తాను. స్కాన్ చేసే పని నేను చూసుకుంటాను. మనుషుల పేర్లు, వయసులు ఒక కాగితం మీద రాసి ఉంచు, ఆధార్‌లో ఉన్నట్టే రాయి.