కొత్త యూనిఫాం నమూనా బొమ్మలు: తల్లిదండ్రుల కమిటీ పరిశీలనకు

సమావేశం: ఫిబ్రవరి మూడో శనివారం, ఉదయం 10 గంటలకు, బడి కింది అంతస్తు హాల్లో.
అమలు: కమిటీ ఒప్పుకుంటే జూన్‌లో బడి తెరిచేనాటికి.

బొమ్మలు గీసింది నేనే. నాలుగో తరగతి పాప తల్లిని. పెళ్లిపత్రికలు, ఫ్లెక్సీలు డిజైన్ చేయడం నా పని. బొమ్మ వేయడం వచ్చు గానీ బట్ట కత్తిరించడం రాదు. అందుకే గీసినవన్నీ మా వీధి టైలరుగారికి చూపించాను. ఏడింట్లో రెండు చూడగానే పక్కన పెట్టేశారు. "బొమ్మలో బాగుంటాదమ్మా, పిల్ల ఒంటిమీద ఆ రంగు కుదరదు" అన్నారు. మిగిలిన ఐదూ ఇవి.

చూసేముందు ఒక మనవి. ఫోన్‌లో కనిపించే రంగూ గుడ్డ రంగూ ఒకటి కావు. ఒక్కో ఫోన్‌లో ఒక్కోలా కనబడుతుంది. నేవీ బ్లూకి బొమ్మల్లో #1B2A49 వాడాను, అది గుర్తు కోసం మాత్రమే. అసలు గుడ్డ ముక్కలు సమావేశానికి తెస్తాను. హాల్లో ట్యూబులైటు కింద ఒకసారి, గుమ్మం బయట ఎండలో ఒకసారి చూసి అప్పుడు చెప్పండి.

బొమ్మ 1. ఎల్.కె.జి నుంచి 2వ తరగతి: పాప

రెండు జడలు, భుజాన నీళ్ల సీసా. నేవీ బ్లూ పినాఫోర్, లోపల తెలుపు మీద సన్న నీలం గళ్ల చొక్కా. టై లేదు.

మెడ దగ్గర బాణం గుర్తు: టై ఎందుకు తీసేశామో పోయిన సమావేశానికి వచ్చినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఒక నాయనమ్మగారు లేచి "ఆ టై కట్టీసరికి గుంటకి ఊపిరాడ్డం నేదమ్మా" అన్నారు. అందరం నవ్వాం గానీ ఆవిడ చెప్పింది నిజమే. ఆ వయసు పిల్లలు టై చివర నోట్లో పెట్టుకుంటారు, ఒకరిది ఒకరు పట్టి లాగుతారు.

వీపు దగ్గర బాణం గుర్తు: జిప్పు లేదు. పక్కన మూడు పెద్ద బొత్తాలు. బాత్రూంకి వెళ్లినప్పుడు ఆయమ్మ సాయం లేకుండా పాప తనే విప్పుకుని తనే పెట్టుకోవాలి. మా పాప మీదే చూశాను, వీపు మీది జిప్పు ఆమెకు రెండో తరగతి అయ్యేవరకూ అందలేదు.

బొమ్మ 2. 3 నుంచి 5వ తరగతి: పాప

నేను ఎక్కువసేపు కూర్చుని గీసింది ఈ బొమ్మే. ఎదురుగా ఒకటి, వెనక నుంచి ఒకటి, చెయ్యెత్తి బోర్డు మీద రాస్తున్నట్టు ఒకటి, మూడు భంగిమల్లో ఉంది. చెయ్యెత్తితే చొక్కా చంక దగ్గర పట్టేయకూడదు, పినాఫోర్ మోకాలి పైకి లేవకూడదు. ఇప్పటి యూనిఫాంలో ఆ రెండూ జరుగుతున్నాయి.

కుచ్చులు: ఇప్పుడు నడుం చుట్టూ సన్న కుచ్చులున్నాయి. ఉతికిన ప్రతిసారీ ఒక్కొక్క కుచ్చూ సరిచేసి ఇస్త్రీ చేయాలి. ఆదివారం కరెంటు పోయిందంటే సోమవారం పొద్దున్న ఇంట్లో టెన్షనే. బొమ్మలో ముందు రెండు, వెనక రెండు పెద్ద పెట్టె కుచ్చులు మాత్రమే ఉన్నాయి. గుడ్డ కూడా తక్కువ పడుతుంది. పరిగెత్తడానికి ఆ వెడల్పు చాలని టైలరుగారు చెప్పారు.

కింది అంచు: మూడు అంగుళాల మడత. ఈ వయసులో పిల్లలు ఏడాదికి సుమారు రెండు అంగుళాలు పెరుగుతారు. మడత విప్పి దించుకుంటే అదే పినాఫోర్ రెండో ఏడాదీ వస్తుంది. భుజంపట్టీకి కూడా అంగుళంన్నర తేడాతో రెండు కాజాలు పెట్టాం. పాత మడత గీత కనబడుతుందని ఒకరిద్దరు అన్నారు. కనబడుతుంది. దాని మీద సన్నని నీలం టేపు కుట్టించుకోవచ్చు, కుట్టించకపోయినా బడి వాళ్లు అడగకూడదని నా మనవి.

జేబులు: రెండు పక్కలా, కుట్టులో కలిసిపోయేలా. అరచెయ్యి మొత్తం పట్టేంత లోతు. మగపిల్లల నిక్కర్లకు రెండు జేబులుండి ఆడపిల్లల పినాఫోర్‌కి ఒక్కటీ లేకపోవడం ఇన్నేళ్లూ మనలో ఎవరికీ తోచలేదు. మా పాప రుమాలు సాక్సులో దోపుకుంటుంది.

టై: నేవీ మీద నాలుగు హౌస్‌ల రంగులూ సన్నని ఏటవాలు గీతలుగా. అందరికీ ఒకటే టై. ముడి వేసే ఉంటుంది, మెడ వెనక అతుక్కునే వెల్క్రో. ఎవరైనా లాగితే ఊడి చేతిలోకి వస్తుంది, మెడకు బిగుసుకోదు. సోమవారం అసెంబ్లీకీ బడి పండగలకూ మాత్రమే. మిగతా రోజుల్లో అక్కర్లేదు. ఏప్రిల్ ఉక్కపోతలో పిల్లల మెడకు టై కట్టాలన్న ఆలోచన మొదట ఎవరికి వచ్చిందో గానీ, వారు మన ఊళ్లో వేసవి చూసి ఉండరు.

బొమ్మ 3. 3 నుంచి 5వ తరగతి: బాబు

కళ్లద్దాలు, మోకాలి మీద చిన్న ప్లాస్టర్. అదే గళ్ల చొక్కా, నేవీ నిక్కర్, అదే టై. ఇక్కడ చెప్పాల్సింది పెద్దగా లేదు. నిక్కర్ నడుముకి వెనకవైపు ఎలాస్టిక్, ముందు హుక్కు. బెల్టు తీసేశాం.

బొమ్మ 4. 6 నుంచి 10వ తరగతి: అమ్మాయి, అబ్బాయి

అమ్మాయి సైకిల్ పట్టుకుని నిలబడి ఉంది. ఆరో తరగతి నుంచి పినాఫోర్ లేదు. మోకాళ్ల దాకా గళ్ల కుర్తా, నేవీ ప్యాంటు, పైన చేతుల్లేని నేవీ కోటు. ఈ తరగతులకు తెల్ల ప్యాంటు బాగుంటుందని పోయినసారి ఒక మాట వచ్చింది. వద్దు. నెలసరి రోజుల్లో తెల్ల ప్యాంటుతో ఆరు పీరియడ్లు కూర్చోవడం ఎలా ఉంటుందో హాల్లో ఉన్న తల్లులందరికీ తెలుసు.

చున్నీ వేసుకోవాలా వద్దా అన్నది అమ్మాయి, వాళ్ల ఇల్లు చూసుకుంటారు. వేసుకుంటే నేవీ. తలకు స్కార్ఫ్ కట్టుకునేవాళ్లకూ అదే రంగు. అయ్యప్ప మాలలో ఉన్న పిల్లలకు ఇప్పటిలాగే నల్లబట్టలకు అనుమతి ఉంటుంది, దాంట్లో ఏ మార్పూ లేదు.

అబ్బాయి చేతికర్రతో ఉన్నాడు, కాలికి కాలిపర్ ఉంది. ప్యాంటు కింది కుట్టు ఆ ఒక్క వైపు జిప్పుతో తెరుచుకుంటుంది. ఇలాంటి మార్పులకు ఎవరూ అర్జీ పెట్టుకోనక్కర్లేదు, టైలరుకు చెప్పుకుంటే చాలు.

బొమ్మ 5. నలుగురు పిల్లలు, నాలుగు హౌస్‌లు

వరసగా నిలబడ్డ నలుగురి భుజాలు చూడండి. నాగావళి నీలం, చంపావతి పసుపు, వేగావతి ఎరుపు, సువర్ణముఖి ఆకుపచ్చ.

ఇప్పుడు హౌస్ రంగు టైలోనూ బెల్టులోనూ చొక్కా కాలరు అంచులోనూ ఉంది. అక్క వేగావతి, చెల్లి చంపావతి అయితే అక్క చొక్కా చెల్లికి పనికిరాదు. ఒకే ఇంట్లో ఇద్దరికీ అన్నీ విడివిడిగా కొనాల్సి వస్తోంది. ఐదేళ్లుగా మనం మీటింగుల్లో గొణుక్కుంటున్నది దీని గురించే. నా ప్రతిపాదన ఇది: బట్టల మీద ఎక్కడా ఎవరి హౌస్ రంగు వారికి విడిగా ఉండదు. భుజంపట్టీలోకి తొడిగే చిన్న గుడ్డ గొట్టం ఒకటి, లూప్ అందాం, దాని మీదే రంగు. పినాఫోర్‌కి దాని సొంత పట్టీ మీద, చొక్కాలకు, కుర్తాలకు భుజం దగ్గర బొత్తాంతో విప్పే పట్టీ మీద ఎక్కుతుంది. హౌస్ మారినా, బట్టలు తమ్ముడికి దిగినా, మారేది ఆ లూప్ ఒక్కటే.

లూప్ మీద అలల గీతలు కూడా ఉన్నాయి. నాగావళికి ఒకటి, చంపావతికి రెండు, వేగావతికి మూడు, సువర్ణముఖికి నాలుగు. అవి అలంకారానికి పెట్టినవి కావు. ఎరుపు, ఆకుపచ్చల తేడా కనబడని పిల్లలుంటారు, మగపిల్లల్లో ఎక్కువ. ఆటల పోటీలో తన జట్టువాడెవడో ఆ పిల్లవాడు గీతలు చూసి గుర్తుపడతాడు. సున్నా గీతల హౌస్ ఉండకూడదు కాబట్టి నాగావళికి ఒకటి ఇచ్చాను. నది పెద్దది, గీత ఒక్కటేమిటని ఆ హౌస్ పిల్లలు ఇప్పటికే అలిగారు. సువర్ణముఖీ వేగావతీ చివరికి వచ్చి కలిసేది మాలోనే కదా అని వాళ్ల వాదన.

రంగుల గురించి ఇంకొక్క విషయం. మొదట పినాఫోర్‌కి ముదురాకుపచ్చ, మెరూన్ రెండూ గీశాను. టైలరుగారు పక్కన పెట్టిన రెండు బొమ్మలూ అవే. ముదురాకుపచ్చ మీద సువర్ణముఖి లూప్ కలిసిపోయింది, మెరూన్ మీద వేగావతి కలిసిపోయింది. నేవీ మీద నాలుగూ తేలతాయి, నాగావళికి మాత్రం లేత ఆకాశనీలం తీసుకోవాలి. పేరులోనే బంగారం ఉన్న సువర్ణముఖికి పసుపు కాక ఆకుపచ్చ ఎందుకని పిల్లలు అడుగుతున్నారు. సమంజసమైన ప్రశ్నే. కానీ పాత షీల్డులూ జెండాలూ అన్నీ మార్చాలి. అందుకే నేను ముట్టుకోలేదు.

గుడ్డ, ఖర్చు

చొక్కాకు నూలు ఎక్కువ కలిసిన గుడ్డ, పినాఫోర్‌కి నూలు కలిపిన మందం గుడ్డ. ఇప్పుడున్నది పూర్తి పాలిస్టర్, చెమట పీల్చదు. వానాకాలం ఆరడంలో పాలిస్టరే మెరుగు, అది ఒప్పుకోవాలి. అక్టోబరు తుపాను రోజుల్లో నూలు కలిసిన పినాఫోర్ ఒక్క రాత్రిలో ఆరకపోవచ్చు. అందుకే ఒక్కొక్కరికి రెండు జతలు లెక్క వేశాను.

మూడో తరగతి పాపకు, గంటస్తంభం దగ్గర కొట్లలో అడిగిన ధరల ప్రకారం: పినాఫోర్ గుడ్డ మీటరుంపావు 275 రూపాయలు, కుట్టు 300. చొక్కా గుడ్డ మీటరుంపావు 175, కుట్టు 180. ఒక జత 930, రెండు జతలు 1860. టై 90, లూపుల జత 40. మొత్తం 1990 రూపాయలు. అందరం కలిసి తాను లెక్కన కొంటే గుడ్డ ధర కొంత తగ్గిస్తామన్నారు, ఎంతన్నది చెప్పలేదు.

ఎరుపు లూప్ రంగు దిగుతుందేమోనని తెల్లగుడ్డతో కలిపి ఐదుసార్లు ఉతికాను. మొదటి ఉతుకులో కొంచెం గులాబీ దిగింది, తర్వాత దిగలేదు. లూపుల గుడ్డను కుట్టేముందు ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, విడిగా ఉతకమని కుట్టేవాళ్లకు చెబుదాం.

శనివారం తేల్చాల్సినవి

గుడ్డ ఎక్కడైనా కొనుక్కుని ఎవరి దగ్గరైనా కుట్టించుకోవచ్చా, లేక ఒకే కొట్టా? ఎక్కడైనా అన్నది నా ఓటు. బడి నుంచి కావాల్సింది గుడ్డ నమూనా ముక్క, కొలతల కాగితం, లూపులు మాత్రమే.

పాత యూనిఫాం ఎన్నాళ్లు చెల్లుతుంది? రెండు విద్యా సంవత్సరాలు పాతదీ కొత్తదీ కలిపి నడవనివ్వాలని అడుగుతున్నాను. ఫొటోలో వరస రెండు రంగుల్లో ఉంటుంది. ఉండనివ్వండి.

వారానికి ఒక రోజు హౌస్ టీషర్టు కావాలా? దీనికి బొమ్మ గీయలేదు. కావాలంటే ఖర్చు ఇంకో 250 దాకా పెరుగుతుంది, పైగా అన్నదమ్ముల సమస్య మళ్లీ మొదటికొస్తుంది.

బొమ్మల ప్రింట్లు శుక్రవారం సాయంత్రం నుంచి ఆఫీసు గది బయట గోడకు ఉంటాయి. కింద ఒక పెన్సిల్ దారంతో కట్టి ఉంచుతాను. నచ్చనిచోట బొమ్మ మీదే గీత గీసి పక్కన రాయండి. పిల్లల్ని కూడా రాయనివ్వండి. ఒక్క మనవి, మొహాలకు మీసాలు గీయొద్దని చెప్పండి. మళ్లీ ప్రింటు తీయడానికి నా దగ్గర రంగు అయిపోయింది.