ప్రవర్తన సహాయ ప్రణాళిక: రెండో తరగతి విద్యార్థి, వయసు 7 ఏళ్లు

ఆటిజం ఉన్న ఈ బాబు, అలవాటైన క్రమం హఠాత్తుగా మారినప్పుడు పక్కనున్నవారిని అరచేత్తో కొడుతున్నాడు. తరగతి ఉపాధ్యాయురాలు, తల్లి కలిసి మూడు వారాలు రాసిన నమోదుల్లో 14 సంఘటనలు ఉన్నాయి. వాటిలో 11, ఆటల పీరియడ్ రద్దవడం, రోజూ వచ్చే టీచరు సెలవు పెట్టడం వంటి ముందుగా చెప్పని మార్పుల వెంటనే జరిగినవే. మిగిలిన మూడూ రాత్రి సరిగా నిద్రపోని రోజుల్లో జరిగాయి కాబట్టి, నిద్రలేమికి పంటినొప్పి, మలబద్ధకం వంటి కారణాలున్నాయేమో పిల్లల వైద్యుడికి చూపించడం మొదటి పని.

తర్వాత ఏం జరుగుతుందో తెలియని భయంలో కొడుతున్నాడని, కొట్టగానే కొత్త పని ఆగిపోతుండటంతో అదే అలవాటుగా బలపడిందని మా అంచనా. కొట్టడానికి ముందు అర నిమిషం నుంచి నిమిషం వరకు అతను చొక్కా అంచు మెలిపెడుతూ, "ఆటలెప్పుడు?" అని ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ అడుగుతాడు. అది మొండితనం కాదు, సాయం కోసం అడగడమే. ఆ క్షణంలో పెద్దవాళ్లు "చెప్పాను కదా" అని విసుక్కోకుండా, బొమ్మల టైంటేబుల్ దగ్గరికి తీసుకెళ్లి ఇప్పుడేమిటో, తర్వాతేమిటో వేలితో చూపించాలి.

మార్పు ఉందని తెలిసిన వెంటనే, రద్దయిన పని బొమ్మ తీసి, ఆ చోట పసుపు రంగు మార్పు కార్డు, దాని పక్కన కొత్త పని బొమ్మ అతని చేతనే పెట్టించాలి. ఈ కార్డు చెడ్డ కబురుకే గుర్తుగా మిగిలిపోకూడదు. అందుకే మొదటి రెండు వారాలు రోజుకు ఒకసారి అతనికి ఇష్టమైన చిన్న మార్పుతోనే, ఉదాహరణకు రాతపనికి బదులు నీటి రంగులతో, సాధన చేయిస్తాం. దాంతోపాటు "ఆగండి" కార్డు ఇవ్వడం ప్రశాంతంగా ఉన్నప్పుడే నేర్పుతాం. ఆ కార్డు ఇచ్చిన ప్రతిసారీ ఐదు నిమిషాల విరామం తప్పక దొరకాలి. కొట్టడం కంటే కార్డు త్వరగా ఫలిస్తేనే దాన్ని వాడతాడు.

కొడితే మిగతా పిల్లలను పక్కకు తీసుకెళ్లాలి, అతనికి ఒక చేయి దూరంలో నిలబడి, "నేనిక్కడే ఉన్నాను" అన్న ఒక్క మాటే నెమ్మదిగా చెప్పాలి. చేతులు పట్టి బంధించడం, తిట్టడం, క్షమాపణ చెప్పించడం, ఆటల పీరియడ్ శిక్షగా తీసేయడం చేయకూడదు. పూర్తిగా కుదుటపడ్డాక, మారిన పనిలో ఒక చిన్న భాగం మాత్రం తోడుండి చేయించాలి.

ఇంట్లోనూ ఇవే కార్డులు, ఇవే మాటలు వాడతామని తల్లిదండ్రులు అంగీకరించారు. సంఘటనలతోపాటు, కార్డు వాడి కొట్టకుండా ఆగిన సందర్భాలనూ రోజూ రాసి, నాలుగు వారాలకు అందరం కూర్చుని సమీక్షిస్తాం. సెలవు పెట్టిన టీచరు స్థానంలో వచ్చేవారు తరగతిలోకి అడుగుపెట్టే ముందే ఈ ప్రతిని చదవాలి.