లిథియం మాత్ర వాడుతున్నవారికి, ఇంట్లోవారికి

లిథియం మూడ్‌ను నిలకడగా ఉంచే మందు. పనిచేసే మోతాదుకూ హాని చేసే మోతాదుకూ తేడా చాలా తక్కువ. అందుకే రక్తపరీక్షలు మానకండి. చాలామందికి రక్తంలో లీటరుకు 0.6 నుంచి 0.8 మిల్లీమోల్ ఉంటే సరిపోతుంది. కొందరికి 1.0 వరకు ఉంచుతాం.

పరీక్ష ఎలా

రక్తం చివరి మాత్రకు సరిగ్గా 12 గంటల తర్వాత ఇవ్వాలి. రాత్రి 9కి వేసుకుంటే ఉదయం 9కి. ఉదయం మాత్ర ఉన్నవారు రక్తం ఇచ్చాకే వేసుకోండి. ముందే వేసుకుంటే అంకె ఎక్కువ చూపించి, మోతాదు తప్పుగా మార్చే ప్రమాదం ఉంది. ల్యాబ్‌లో లిథియం హెపారిన్ ఉన్న గొట్టంలో తీయవద్దని చెప్పండి, అందులోని లిథియం కూడా లెక్కలోకి వస్తుంది. మందు మొదలుపెట్టినా, మోతాదు మార్చినా వారానికి ఒకసారి, నిలకడ వచ్చాక 3 నెలలకు ఒకసారి చేయించాలి. 6 నెలలకు ఒకసారి కిడ్నీ పనితీరుకు క్రియాటినిన్, థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, కాల్షియం కూడా చూపించుకోవాలి.

దాహం, చేతులు సన్నగా వణకడం, మూత్రం ఎక్కువ రావడం, కాస్త బరువు పెరగడం మామూలే. వచ్చేసారి చెప్పండి, మీ అంతట మీరు మాత్ర ఆపకండి. ఒక డోసు మరిచిపోతే తర్వాతది రెట్టింపు చేయకండి. గర్భం వస్తే, రావాలనుకుంటే ముందే చెప్పండి.

నీళ్లు, ఉప్పు

ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే కిడ్నీ ఉప్పుతోపాటు లిథియంను కూడా పట్టి ఉంచుకుంటుంది. మే ఎండలో చేలో, చేపల చెరువు గట్టున పని చేసేవారికి ఇదే పెద్ద ముప్పు. రోజుకు 2.5 నుంచి 3 లీటర్లు తాగండి, చెమట పడితే ఇంకా. గుండె, కిడ్నీ జబ్బున్నవారు ఎంత తాగాలో అడగండి. మూత్రం ఎక్కువవుతోందని నీళ్లు తగ్గించడం తప్పు, ప్రమాదం కూడా. బీపీ అని ఒక్కసారిగా ఆవకాయ, ఎండుచేపలు అన్నీ మానేసినా లిథియం పెరుగుతుంది. ఉప్పు రోజూ ఒకేలా ఉండనివ్వండి. నీళ్ల విరేచనాలు, వాంతులు పట్టుకుంటే మాత్ర ఆపి, ఓఆర్‌ఎస్ తాగుతూ అదే రోజు మాకు ఫోన్ చేయండి.

నడుం నొప్పికి ఊళ్లో వేసే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్, ఐబుప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ వద్దు. పారాసెటమాల్ వేసుకోవచ్చు. టెల్మిసార్టాన్, రామిప్రిల్, హైడ్రోక్లోరోథయాజైడ్ లాంటి బీపీ మందు కొత్తగా రాసినా, వేసుకునే ముందు మాకు చెప్పండి.

వెంటనే ఆసుపత్రికి

చేతులు పెద్దగా వణకడం, ఆగని వాంతులు, విరేచనాలు, మాట తడబడటం, తూలుతూ నడవడం, మగత, అయోమయం, ఫిట్స్. చూసేవారు తాగాడనుకుని పడుకోబెట్టి వదిలేస్తారు, అదే ప్రాణం మీదికి తెస్తుంది. లిథియం 1.5 దాటితే విషలక్షణాల భయం ఎక్కువ. పెద్దవయసువారిలో అంకె బాగున్నా ఇవి కనిపించవచ్చు, అంకె కన్నా మనిషిని చూడండి. తర్వాతి మాత్ర వేయకండి, వాంతి చేయించకండి, మగతగా ఉన్నవారికి నోట్లో ఏమీ పోయకండి. 108కి ఫోన్ చేసి, మాత్రల స్ట్రిప్, పాత రిపోర్టులు వెంట తీసుకెళ్లి, అడుగుపెట్టగానే “లిథియం వాడుతున్నారు” అని చెప్పండి.