అక్టోబర్–డిసెంబర్ 2024 రిటర్నులు: ఏ డ్రెస్సు, ఏ సైజు, ఎందుకు

మేడమ్ గారికి, అత్తిలి యూనిట్ కటింగ్ మాస్టారికి,

ఈ మూడు నెలల ఆర్డర్లలో డెలివరీ అయినవి 4,120 పీసులు, తిరిగొచ్చినవి 721. అంటే 17.5 శాతం. మొత్తంగా చూస్తే కంగారు పడాల్సింది కనిపించదు. సైజుల వారీగా విడదీస్తే మాత్రం KU-14 కాటన్ కుర్తీ పెద్ద సైజుల్లో చెయ్యి పట్టట్లేదని తేలింది. ద్వారపూడి నుంచి వచ్చిన కొత్త తానులు కటింగ్‌కి వెళ్ళేలోపు ఇది సరిచేయాలి.

లెక్క ఎలా కట్టానో ముందు చెప్తాను. కస్టమర్ తీసుకోకుండా వెనక్కొచ్చిన క్యాష్ ఆన్ డెలివరీ పార్శిళ్ళు ఇందులో లేవు. కవరు విప్పనివాళ్ళకి సైజు సరిపోలేదని ఎలా అంటాం? రెండు సైజులు తెప్పించుకుని ఒకటి ఉంచుకున్నవాళ్ళని కూడా విడిగా తీశాను. వాళ్ళు కొనేటప్పుడే ఒకటి వెనక్కి పంపాలనుకుంటారు. రిటర్ను గడువు పది రోజులు కాబట్టి జనవరి 20 తర్వాతే డేటా దించాను. షీట్‌లో ఫార్ములా ఇదీ:

```
=COUNTIFS(returns!B:B,A2,returns!C:C,B2)
 /COUNTIFS(orders!B:B,A2,orders!C:C,B2,orders!F:F,"delivered")
```

KU-14 లెక్క:

| సైజు | డెలివరీ | రిటర్ను | శాతం |
|---|---|---|---|
| ఎస్ | 96 | 11 | 11.5 |
| ఎం | 210 | 27 | 12.9 |
| ఎల్ | 245 | 34 | 13.9 |
| ఎక్స్‌ఎల్ | 188 | 49 | 26.1 |
| డబుల్ ఎక్స్‌ఎల్ | 104 | 37 | 35.6 |

ఈ కుర్తీ మొత్తం రేటు 18.7 శాతం. షాపు సగటుకి దగ్గరే కాబట్టి ఇన్నాళ్ళూ ఎవరి కంటా పడలేదు. ఎల్ వరకూ "చిన్నదైంది", "పెద్దదైంది" అన్నవాళ్ళు ఇంచుమించు సమానం. అది ఎప్పుడూ ఉండేదే. పై రెండు సైజుల్లో తిరిగొచ్చిన 86లో 61 మంది చిన్నదైందన్నారు. "ఒళ్ళంతా సరిపోయింది, చెయ్యి పైకి లేవట్లేదు" అని ఒకావిడ కాకినాడ నుంచి రాసింది. ఇలా చెయ్యో చంకో ప్రస్తావించిన కామెంట్లు 38 ఉన్నాయి. ఇంకో గట్టి ఆధారం: ఎక్స్‌ఎల్ ఇచ్చేసి డబుల్ ఎక్స్‌ఎల్ తీసుకున్న 19 మందిలో 11 మంది దాన్నీ వెనక్కి పంపారు. సైజు పెంచినా ఇబ్బంది తీరలేదంటే వాళ్ళు ఎంచుకోవడంలో తప్పు లేదు, తప్పు కోతలోనే ఉంది.

గోడౌన్‌లో ఉన్న 24 రిటర్ను పీసులకి టేపు పెట్టాం. ఛాతీ, నడుము, పొడవు చార్టుకి పావు అంగుళం అటూఇటూగా ఉన్నాయి. చంకకి రెండంగుళాల కింద చేతి రౌండు మాత్రం ఎల్‌కి 14.5, ఎక్స్‌ఎల్‌కీ 14.5, డబుల్ ఎక్స్‌ఎల్‌కి 14.75. ఛాతీ సైజుకి రెండంగుళాల చొప్పున పెరుగుతుంటే చెయ్యి ఎల్ దగ్గరే ఆగిపోయింది. బట్ట ముడుచుకుందేమోనని రెండు కొత్త పీసులు ఉతికి ఆరేసి కొలిచాం. పొడవు కాస్త తగ్గింది, రౌండు మారలేదు. చేతి రౌండు మన చార్టులో లేదు. అందుకే కొనేవాళ్ళకి తెలియలేదు, చెకింగ్‌లో మనవాళ్ళూ కొలవలేదు.

BL-06 రెడీమేడ్ బ్లౌజుది వేరే కథ. అన్ని సైజుల్లోనూ రేటు 24 నుంచి 27 శాతం, అందరిదీ బిగుతు ఫిర్యాదే, ఒక సైజు పెంచుకుంటే మాత్రం సరిపోతోంది. కారణం చార్టే. అందులో 36 అంటే కుట్టిన బ్లౌజు చుట్టుకొలత. కొనేవాళ్ళు దాన్ని ఒంటి కొలత అనుకుంటున్నారు. ప్యాటర్న్ ముట్టుకోవద్దు. చార్టులో ఒంటి కొలత వేసి, లోపల కుట్టులో ఎంత వదిలామో రాస్తే చాలు. మన ఊళ్ళలో బ్లౌజు ఊడదీసి వదులు చేయించుకోవడం అందరికీ అలవాటే.

నరసాపురం లేసు కుర్తీ 23 శాతం వచ్చింది గానీ అది ఫిట్టింగ్ గొడవ కాదు. ఫొటోలో తెల్లగా కనిపించింది, చేతికొచ్చింది క్రీము రంగు. క్రిస్మస్‌కి తెల్లవి కొన్నవాళ్ళు ఊరుకుంటారా? ఫొటో మళ్ళీ తీయిద్దాం. పలాజో డబుల్ ఎక్స్‌ఎల్‌లో తొమ్మిదికి నాలుగు వచ్చాయి. ఇంత తక్కువ లెక్క మీద ఏదీ తేల్చలేం.

మాస్టారూ, KU-14 చేతి రౌండు ఎక్స్‌ఎల్‌కి 15.5, డబుల్ ఎక్స్‌ఎల్‌కి 16.5 చేసి, చంక కూడా దానికి తగ్గట్టు దించండి. బట్ట కొంచెం ఎక్కువ పడుతుందని తెలుసు. అయినా రానూపోనూ కొరియర్, మళ్ళీ ఇస్త్రీ, ప్యాకింగ్ కలిపితే ఒక్కో రిటర్ను అంతకంటే ఎక్కువే తింటోంది. ముందు ముప్పై పీసులు కుట్టి యూనిట్‌లో ఆ సైజు వాళ్ళకి వేయించి, చేతులు పైకెత్తించి చూడండి.

మేడమ్, పాత లాట్‌లో మిగిలిన 140 పెద్ద సైజు పీసులని ఈ రోజే సైట్‌లో ఆపమంటే ఆపేస్తాను. కొత్త కోతకి వేరే కోడ్ ఇస్తే పాత రిటర్నులతో కలిసిపోకుండా వంద డెలివరీలయ్యాక పోల్చి చూడొచ్చు.