డీఆర్‌పీ పోస్టింగ్ మార్పు కోరుతూ హెచ్‌ఓడీ గారికి లేఖ

విజయవాడ,
20 ఏప్రిల్ 2026

గౌరవనీయులైన ప్రొఫెసర్ & హెచ్‌ఓడీ మేడమ్ గారికి,
జనరల్ మెడిసిన్ విభాగం,
సిద్ధార్థ ప్రభుత్వ వైద్య కళాశాల, విజయవాడ.

(థీసిస్ గైడ్ గారి ద్వారా)

విషయం: డిస్ట్రిక్ట్ రెసిడెన్సీ పోస్టింగ్‌ను జులై - సెప్టెంబరు నుంచి అక్టోబరు - డిసెంబరుకు మార్చమని విన్నపం.

మేడమ్, నమస్కారం.

నేను మన విభాగంలో ఎండీ జనరల్ మెడిసిన్ 2024 బ్యాచ్ పీజీని. మొన్న నోటీసు బోర్డులో పెట్టిన డీఆర్‌పీ రోస్టర్‌లో నాకు జులై నుంచి సెప్టెంబరు వరకు గుడివాడ ఏరియా ఆసుపత్రి వచ్చింది. అదే ఆసుపత్రికి అక్టోబరు నుంచి డిసెంబరు వరకు నా బ్యాచ్‌మేట్ డాక్టర్ అనూష పేరు ఉంది. మా ఇద్దరి స్లాట్లూ ఒకరివి ఒకరికి మార్చమని అడుగుతున్నాను. డీఆర్‌పీ నుంచి మినహాయింపు గానీ, ఆసుపత్రి మార్పు గానీ అడగడం లేదు.

కారణం నా థీసిస్. రక్తపింజర కాటు తర్వాత కిడ్నీలు దెబ్బతినడం మీద పని చేస్తున్నానని మీకు తెలుసు. ప్రోటోకాల్ ప్రెజెంటేషన్ రోజు "కేసులు చాలినన్ని దొరుకుతాయా?" అని మీరు అడిగారు. ఊడ్పుల సీజన్‌లో దొరుకుతాయి మేడమ్ అని చెప్పాను. ఆ సీజన్‌లోనే నేను ఇక్కడ లేకుండా పోతున్నాను, అదీ నా టెన్షన్.

ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చేసరికి నవంబరు అయింది. అంటే 2025 వానాకాలంలో మన ఏఎంసీకి వచ్చిన పాముకాట్లు ఏవీ నా స్టడీలోకి రావు. 80 కేసులు కావాల్సి ఉండగా, ఇప్పటిదాకా 21 చేర్చగలిగాను. అవి కూడా ఎక్కువ భాగం నవంబరు, డిసెంబరు కోతలప్పుడు కుప్పల దగ్గర కాటు పడ్డవాళ్లవే. సంక్రాంతి దాటాక కేసులు బాగా తగ్గిపోయాయి. జూన్‌లో కాలవలకు నీళ్లు వదిలి, దివిసీమ వైపు నారుమళ్లు మొదలయ్యాక మళ్లీ పెరుగుతాయి. జులై, ఆగస్టు ఊడ్పులు, ఆ తర్వాత కలుపు తీతలు, ఈ మూడు నెలలే నాకు కీలకం. థియరీ పరీక్షకు ఆరు నెలల ముందే థీసిస్ ఇచ్చేయాలి కాబట్టి 2027 వానాకాలం నాకు పనికిరాదు. నా చేతిలో ఉన్నది ఈ ఒక్క సీజనే.

వేరే పీజీతో డేటా తీయించవచ్చు కదా అని నేనూ ఆలోచించాను, గైడ్ సార్‌తో కూడా మాట్లాడాను. క్రియాటినిన్ విలువలైతే కేస్ షీట్ చూసి ఎవరైనా రాసిపెడతారు. కానీ నా ప్రోటోకాల్ ప్రకారం పేషెంట్ వచ్చిన మొదటి గంటల్లోనే కాటు పడ్డ టైమ్, కట్టు కట్టారా, మధ్యలో ఎక్కడెక్కడ ఆగారు, మొదటి వయల్ యాంటీ స్నేక్ వెనమ్ ఎప్పుడు పడింది, ఇవన్నీ కూర్చుని అడగాలి. మర్నాడు అడిగితే అటెండర్లు మారిపోతారు, జవాబులూ మారిపోతాయి. ఆపైన గాజు ట్యూబులో రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి చూసే పరీక్షను ప్రతి ఆరు గంటలకూ ఒకే పద్ధతిలో చేయాలి, గంట గంటకూ యూరిన్ కొలిచి రాయాలి. ఏఎంసీ డ్యూటీలో ఉన్న పీజీ మీద, తన పేషెంట్లు తనకు ఉండగా, ఈ పని పెట్టడం న్యాయం కాదు. ఒకవేళ పెట్టినా, ఆ అంకెల మీద నాకు నమ్మకం ఉండదు.

డిసెంబరులో అవనిగడ్డ వైపు నుంచి వచ్చిన ఒక కూలీ తల్లి మీకు గుర్తుండే ఉంటుంది, మీ రౌండ్స్‌లోనే ఆమె గురించి చర్చ జరిగింది. మడమ పైన కాటు, పిక్క మీద చీర పేలికతో గట్టిగా బిగించిన కట్టు. ముందు మంత్రం వేయించారు, తర్వాత ఆటోలో తెచ్చారు. ట్యూబు వంచితే రక్తం నీళ్లలా జారింది. అప్పటికి బ్యాగులో కాస్తంత యూరిన్, అదీ కాఫీ డికాక్షన్ రంగులో. డయాలసిస్ మీద పెట్టి బతికించుకున్నాం. ఎన్ని గంటలకు వచ్చారని ఆమె కొడుకును నేను మూడుసార్లు మూడు రకాలుగా అడిగితే, చివరికి మంత్రం దగ్గర గడిచిన సమయం బయటపడింది. నా స్టడీకి కావాల్సింది సరిగ్గా ఆ సమయమే. కాటుకూ మందుకూ మధ్య పోయిన గంటలకూ, కిడ్నీ దెబ్బతిన్న తీరుకూ మన దగ్గర ఎలాంటి సంబంధం కనిపిస్తుందో తేల్చాలన్నదే నా ప్రశ్న. పొలం పనికి వెళ్లే మనుషుల మీద పడే జబ్బు ఇది, దీని మీద మన ఆసుపత్రి నుంచి సరైన లెక్క బయటికి రావాలని నాకు గట్టిగా ఉంది.

అక్టోబరులో గుడివాడ వెళ్లడం వల్ల నాకు నష్టమేమీ లేదు, పైగా మేలు. వానాకాలం కేసులు చేతిలో ఉన్నాక, అక్కడి క్యాజువాలిటీలో మందు ఎలా మొదలుపెడుతున్నారు, ఏ దశలో మనకు రిఫర్ చేస్తున్నారు అన్నది కళ్లారా చూడగలుగుతాను. కోతల సీజన్‌లో అక్కడికి వచ్చే పాముకాట్లకు నా చేయి కూడా ఉపయోగపడుతుంది.

డాక్టర్ అనూష ఈ మార్పుకు మనస్ఫూర్తిగా ఒప్పుకున్నారు. ఆమె అత్తగారిల్లు గుడివాడలోనే. చంటిబిడ్డ అక్కడే పెరుగుతున్నాడు కాబట్టి ముందే వెళ్లడం ఆమెకూ వీలే. ఆమె థీసిస్ థైరాయిడ్ మీద, సీజన్‌తో పని లేదు. ఇద్దరం ఒకే యూనిట్ వాళ్లం కావడంతో ఏ మూడు నెలల్లోనూ యూనిట్‌లో మనిషి తగ్గరు, నైట్ డ్యూటీల సంఖ్య మారదు. డీఆర్‌పీ 3, 4, 5 సెమిస్టర్లలో ఎప్పుడైనా చేయవచ్చన్నది ఎన్‌ఎంసీ నిబంధన, మా రెండు స్లాట్లూ ఆ పరిధిలోనే ఉన్నాయి. ఆగస్టులో తనకు రావాల్సిన ఐసీయూ పోస్టింగ్‌ను అనూష అక్టోబరు తర్వాత చేస్తారు. ఆమె ఓపీ రోజులు నేను చూసుకుంటాను.

జిల్లా కోఆర్డినేటర్ గారికి తుది జాబితా మే మొదటి వారంలో వెళ్తుందని ఆఫీసులో చెప్పారు. ఆ లోపు మీరు ఈ మార్పును సిఫారసు చేస్తూ ఫార్వర్డ్ చేస్తే సరిపోతుంది. సవరించిన డ్యూటీ చార్టును అనూష, నేను కలిసి వేసి దీనితో పెట్టాం. అందులో ఏదైనా విభాగానికి ఇబ్బంది అనిపిస్తే చెప్పండి మేడమ్, తిరగరాసి తెస్తాం. మీకు వీలైన రోజు ఓపీ అయ్యాక ఇద్దరం వచ్చి కలుస్తాం.

మీ విద్యార్థిని,
డాక్టర్ సుస్మిత
ద్వితీయ సంవత్సరం పీజీ, జనరల్ మెడిసిన్

జతపరిచినవి: డాక్టర్ అనూష అంగీకార పత్రం, గైడ్ గారి సిఫారసు, ఎథిక్స్ కమిటీ అనుమతి ప్రతి, సవరించిన డ్యూటీ చార్టు.