శవం, ప్రేత, బంధువులు: మూడు సమాజాల్లో చావు తర్వాతి నడిమి కాలం

(ఎం.ఏ. మానవశాస్త్రం, చివరి సెమిస్టర్ సెమినార్ పత్రం)

1. దేశాల వారీగా ఎందుకు రాయలేదు

ఈ పత్రం మొదటి ప్రతిలో మూడు అధ్యాయాలు ఉండేవి. గోదావరి జిల్లాల్లో అంత్యక్రియలు, ఇండోనేషియాలో సులవేసి కొండల్లోని తొరాజాల అంత్యక్రియలు, మడగాస్కర్ నడిమి పీఠభూమిలోని మెరీనాల అంత్యక్రియలు. మూడూ రాశాక చదివి చూసుకుంటే అందులో పోలిక లేదు. ఒకచోట పాడె, ఒకచోట దున్నపోతు, ఒకచోట పట్టుగుడ్డ. వింతలు పక్కపక్కన పెట్టినట్టు ఉంది తప్ప, ఒకదాని వల్ల ఇంకోటి అర్థం కావడం లేదు. అందుకే ఈ ప్రతిలో సమాజాల వారీగా కాకుండా భావనల వారీగా విషయాన్ని విడదీశాను. ఒక్కో భావన దగ్గర మూడు సమాజాలనూ ఒకే ప్రశ్న అడుగుతాను.

ఆ ప్రశ్న ఇది: ఊపిరి ఆగడానికీ, ఆ మనిషి ‘పెద్దల్లో కలిశాడు’ అని అందరూ ఒప్పుకోవడానికీ మధ్య ఉన్న కాలంలో ఎవరు ఏం చేస్తారు? దాన్ని నడిమి కాలం అంటున్నాను.

2. తీసుకున్న భావనలు

ఫ్రెంచ్ సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ హెర్ట్జ్ 1907లో చావు మీద ఒక దీర్ఘ వ్యాసం రాశాడు. బోర్నియో దీవిలోని డయాక్ తెగల గురించి అప్పటికి అచ్చయిన రాతలే ఆయనకు ఆధారం, ఆయన ఆ దీవికి వెళ్లలేదు. అక్కడ శవాన్ని మొదట తాత్కాలికంగా ఉంచి, మాంసం పోయి ఎముకలు మిగిలాక రెండోసారి పెద్ద ఎత్తున అంత్యక్రియ చేస్తారు. ఈ రెండింటి మధ్య మూడు ప్రయాణాలు కలిసి నడుస్తాయన్నది హెర్ట్జ్ గమనింపు. శవం తడి నుంచి పొడికి వెళ్తుంది. ఆత్మ ఇంటి చుట్టూ తిరగడం మాని పూర్వీకుల చోటికి వెళ్తుంది. బతికున్న బంధువులు దుఃఖం నుంచి మామూలు జీవితానికి వస్తారు. శవం ఎలా ఉందో ఆత్మ పరిస్థితీ అలాగే ఉన్నట్టు లెక్క. ఆయన 1915లో మొదటి ప్రపంచ యుద్ధంలో, ముప్పై మూడేళ్లకే చనిపోయాడు. ఆ ఒక్క వ్యాసం మాత్రం నూరేళ్లు దాటినా ఇంకా పనికొస్తోంది.

రెండోది, మనిషి ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి మారే తంతుల గురించి జానపద పరిశోధకుడు వాన్ గెన్నెప్ 1909లో చెప్పిన మూడు దశలు: వేర్పాటు, ఇటూ అటూ కాని గడప దశ, కలుపుకోలు. అంత్యక్రియల్లో వేర్పాటు తంతులే ఎక్కువ ఉంటాయని మనం అనుకుంటాం కానీ, చాలాచోట్ల గడప దశకూ కలుపుకోలుకూ చెందినవే పెద్దవిగా ఉంటాయని ఆయన అప్పుడే చెప్పాడు. మూడోది మానవశాస్త్రవేత్త విక్టర్ టర్నర్ మాట: గడప మీద నిలబడ్డవాళ్ల మధ్య హెచ్చుతగ్గులు కరిగి ఒక సమభావం పుడుతుందని. ఈ మూడోదాన్ని నేను ఒప్పుకోవడానికి కాదు, పరీక్షించడానికి తీసుకున్నాను.

3. శవం: ఆగేది ఎవరి కోసం

తొరాజాల్లో ఊపిరి ఆగిన మనిషి చనిపోయినట్టు కాదు. ‘తో మకులా’, అంటే జబ్బు మనిషి. శరీరం చెడకుండా చూసుకుంటూ ఇంట్లోనే ఉంచుతారు. భోజనం పెడతారు, పలకరిస్తారు. నెలలు గడవచ్చు, ఏళ్లూ గడవచ్చు. దూరాన ఉన్న బంధువులు రావాలి, దున్నపోతులకు డబ్బు కూడాలి. ‘రాంబు సోలో’ అనే పెద్ద తంతు మొదలై, మొదటి దున్నపోతును కోసినప్పుడే ఆ మనిషి నిజంగా పోయినట్టు.

మెరీనాలది వేరే దారి. మొదట పూడ్చడం మామూలుగానే జరిగిపోతుంది. కొన్నేళ్లకు, చలికాలంలో, వంశపు సమాధి తెరిచి అవశేషాలను బయటికి తీసి, కొత్త పట్టు వస్త్రాల్లో చుట్టి, భుజాన ఎత్తుకుని బాజాలతో ఆడి మళ్లీ లోపల పెడతారు. దాన్ని ‘ఫమదిహానా’ అంటారు. వేరే ఊళ్లో పోయి అక్కడే తాత్కాలికంగా పూడ్చిన మనిషిని సొంత సమాధికి చేర్చేదీ అప్పుడే. పిల్లలు కావాలనుకునే ఆడవాళ్లు అవశేషాలకు వాడిన పాత చాప పీలికలు దాచుకుంటారు.

ఈ రెండింటి పక్కన గోదావరి పద్ధతి పెడితే హెర్ట్జ్ సూత్రం పనికిరాదేమో అనిపిస్తుంది. మనకు శవం ఒక్క రోజులో బూడిదవుతుంది. తడి నుంచి పొడికి వెళ్లడానికి నాలుగైదు గంటలు చాలు. ఆ లెక్కన ఆత్మ కూడా ఆ సాయంత్రానికే చేరిపోవాలి. అలా జరగదు. శరీరం పోయాక మన పద్ధతి ఇంకో శరీరాన్ని తయారు చేస్తుంది. రోజుకో పిండంతో ప్రేతకు ఒక్కో అవయవం ఏర్పడుతుందని పురోహితులు చెప్తారు: మొదటి రోజు తల, అలా సాగి పదో రోజుకు ఆకలి, దప్పిక. పన్నెండో రోజు సపిండీకరణంలో ఆ ప్రేత పిండాన్ని మూడు భాగాలు చేసి తండ్రి, తాత, ముత్తాతల పిండాల్లో కలుపుతారు. అంతవరకూ అది ప్రేత, ఆ తర్వాత పితృదేవత.

నా వాదన ఇక్కడ మొదలవుతుంది. నడిమి కాలానికి ఒక శరీరం కావాలి. తొరాజాలకూ మెరీనాలకూ అసలు శరీరమే ఉంటుంది. మన దగ్గర దాన్ని నిప్పు తినేస్తుంది కాబట్టి అన్నంతో ఇంకోటి కడతారు. శవం దొరకనప్పుడు దర్భలతో, మోదుగాకులతో బొమ్మ చేసి దానికి నిప్పు పెట్టడం కూడా ఈ అవసరం నుంచి వచ్చిందే. అంటే హెర్ట్జ్ సూత్రం తప్పలేదు. కుళ్లే శరీరానికి బదులు కూడే శరీరం వచ్చిందంతే, ప్రయాణం దిశ తిరగబడింది.

ఇంకో పోలిక నాకు తొరాజాల గురించి చదువుతుండగా తట్టింది. 2023లో మా పెదనాన్న కోనసీమలోని మా ఊళ్లో పోయినప్పుడు, అన్నయ్య అమెరికా నుంచి వచ్చేదాకా రెండు రోజులు ఫ్రీజర్ బాక్సులో ఉంచారు. మనకూ ఆగడం వచ్చేసింది. కారణం కూడా తొరాజాలదే, దూరాన ఉన్న కొడుకు. కానీ ఆ రెండు రోజులూ ఇంట్లో పొయ్యి వెలగలేదు, పక్కింటి నుంచి క్యారియర్లు వచ్చాయి. అక్కడ ఆగే మనిషి జబ్బు మనిషి, ఇక్కడ ఆగేది శవం. మైల అప్పటికే మొదలైంది. పైకి ఒకలా కనిపించే రెండు పనులను ఒకే పేరుతో పిలవకూడదని నేను నేర్చుకున్నది ఆ పెట్టె దగ్గరే.

4. వేర్పాటులోని అనుమానం

శ్మశానానికి వెళ్లే దారిలో పాడెను ఒకచోట దించుతారు. అది దింపుడు కళ్లం. చెవి దగ్గర నోరు పెట్టి పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు. ఆశ చివరిదాకా ఉంటుందన్న మాటకు మన భాషలో దింపుడు కళ్లం ఆశ అనే పలుకుబడి అక్కడి నుంచే వచ్చింది. వాన్ గెన్నెప్ లెక్కలో ఇది వేర్పాటు తంతు. కానీ వేరు చేస్తూనే వెనక్కి పిలవడం అందులో ఉంది. తొరాజాలు నెలల తరబడి ‘జబ్బు మనిషి’ అంటూ చేసే పనిని మనం దారి మధ్యలో రెండు నిమిషాల్లో చేస్తున్నాం.

ఆ తర్వాత కర్త భుజాన నీళ్ల కుండ, దానికి చిల్లులు, మూడు చుట్లు, కుండను వెనక్కి వదిలి వెనుతిరిగి చూడకుండా రావడం. వేర్పాటు అంటే ఇదే, ఇందులో అనుమానం లేదు.

5. సమభావం ఎక్కడ

టర్నర్ చెప్పిన సమభావం మీద నాకున్న అభ్యంతరం గట్టిది. తొరాజాల తంతులో మాంసం వాటాలు హోదాను బట్టి పంచుతారు. ఎవరు ఎన్ని పందులు, ఎన్ని దున్నపోతులు తెచ్చారో లెక్క ఉంటుంది. అది అప్పు, వాళ్లింట్లో చావు వచ్చినప్పుడు తీర్చాలి. మచ్చల దున్నపోతు ధర మామూలుదానికి ఎన్నో రెట్లు. చావు దగ్గర హోదా కరగదు, ఊరంతా చూస్తుండగా దాన్ని మళ్లీ కొలుస్తారు.

మన ఊళ్ల సంగతి ఇంకా కఠినం. డప్పు కొట్టేదొకరు, గుండు గీసేదొకరు, మైలబట్టలు ఉతికేదొకరు, కట్టెలు పేర్చేదొకరు. దుఃఖంలో ఉన్న కుటుంబానికి మైల పది రోజులు. ఆ మైలను మోసే కులాలకు మాత్రం అది పుట్టుకతో అంటగట్టినది. ఎన్నో ఊళ్లలో శ్మశానాలు కూడా కులానికొకటి. దళితుల శవాన్ని ఊరి మధ్య దారిన పోనివ్వని చోట్లు ఉన్నాయి. ఈ సంగతి వదిలేసి ‘గడప దశలో అందరూ సమానం’ అని రాస్తే, పాడె వెంట నడిచినవాళ్ల చూపుతోనే రాసినట్టు అవుతుంది. డప్పు పట్టుకుని ముందు నడిచినవాళ్లు అందులో ఉండరు.

6. ఆత్మను పూర్వీకుల్లో కలిపే తంతు లేని చోట నడిమి కాలం

వాదనకు ఎదురు పరీక్ష కావాలి కాబట్టి తెలుగు ముస్లిం కుటుంబాల పద్ధతినీ ఇక్కడ చూశాను. స్నానం, కఫన్ గుడ్డ చుట్టడం, జనాజా నమాజు, వీలైనంత త్వరగా పూడ్చడం. పిండంలాంటి రెండో శరీరం లేదు, పూర్వీకుడిగా మార్చే తంతు లేదు. హెర్ట్జ్ చెప్పిన మూడు ప్రయాణాలను త్రిభుజం అనుకుంటే, అందులో రెండు భుజాలకు ఇక్కడ తంతు లేదన్నమాట. అయినా చాలా ఇళ్లలో మూడో రోజు జియారత్, నలభయ్యో రోజు చెహల్లుం జరుగుతాయి. భర్త పోయిన స్త్రీకి ఇద్దత్ అనే గడువు నాలుగు నెలల పది రోజులు. బంధువుల భుజం మాత్రం నిలబడే ఉంది.

నాలుగు ఉదాహరణలతో సూత్రం కట్టలేం. కానీ ఒక క్రమం కనిపిస్తోంది. శవం ప్రయాణం, ఆత్మ ప్రయాణం కొన్నిచోట్ల కుదించుకుపోతాయి, కొన్నిచోట్ల అసలు ఉండవు. బతికినవాళ్ల ప్రయాణం మాత్రం ఈ నాలుగింటిలోనూ ఉంది. హెర్ట్జ్ మూడింటినీ సమానంగా చూశాడు. నా దృష్టిలో మొదటి రెండూ మూడోదాని కోసమే నడుస్తున్నాయి.

ఇందుకు నేను చూసిన ఆధారం ఒకటి రాస్తాను (కుటుంబం అనుమతితోనే). పెదనాన్న పదో రోజున పిండం గట్టున పెట్టారు. కాకులు చెట్టు మీదే ఉన్నాయి, ముట్టలేదు. అరగంట గడిచింది. అందరికీ టెన్షన్. ఎవరో పెద్దాయన, “ఆయన మనసులో ఏముందో అది చెప్పండిరా” అన్నారు. అన్నయ్య ముందుకొచ్చి, “నాన్నా, చెల్లి పెళ్లి నేను చేస్తాను, పొలం అమ్మను” అన్నాడు. కాసేపటికి కాకి దిగింది. ఆ కాకి ఎందుకు దిగిందన్నది ఈ పత్రం పరిధి కాదు. చెల్లి పెళ్లి, పొలం గురించి ఏడాదిగా ఇంట్లో తెగని మాట, ఊరి పెద్దల ముందు, తండ్రి పేరు మీద, నోటితో ఖాయమైంది. నడిమి కాలం చేసిన పని అది.

7. మూయని గడప

కలుపుకోలు దశ అందరికీ ఒకేలా రాలేదన్నది చివరి అంశం. పన్నెండో రోజుకు పెదనాన్న పితృదేవత అయ్యారు. అన్నయ్య కొత్త పంచె కట్టుకుని భోజనాల దగ్గర వడ్డించాడు, మర్నాడు గుడికి వెళ్లాడు. పెద్దమ్మకు మాత్రం పదో రోజున పుట్టింటివాళ్లు చీర పెట్టాక గాజులు తీశారు, బొట్టు తుడిచారు. అది ఆమెకు వేర్పాటు తంతు, దానికి జోడీగా కలుపుకోలు తంతు ఏదీ లేదు. ఇద్దత్ కఠినంగా కనిపించినా దానికి ముగిసే తేదీ ఉంది, ఆ తర్వాత మళ్లీ పెళ్లికి అడ్డు లేదు. మెరీనాల దగ్గర సమాధి తెరిచిన రోజు ఆడవాళ్లు కూడా అవశేషాలను ఎత్తుకుని ఆడతారు.

2024 మాఘంలో చెల్లి పెళ్లి జరిగింది, అన్నయ్య మాట నిలబెట్టుకున్నాడు. కన్యాదానం పీటల మీద బాబాయి, పిన్ని కూర్చున్నారు. పెద్దమ్మ వంటింటి గుమ్మం దగ్గర నిలబడి చూసింది. నా నోటు పుస్తకంలో ఆ రోజు పేజీలో ‘గడప’ అన్న మాట ఒక్కటే ఉంది.