30 లక్షల ఇంటి అప్పు: వడ్డీ రేటు, కాలం రెండూ మారితే నెల వాయిదా ఎంత

అక్కా, బావగారూ,

ఇరవై ఏళ్లు పెట్టుకుందామా, పాతికేళ్లా అని మొన్న ఫోన్లో అడిగారు కదా. ఒక్క ఈఎంఐ అంకె చెప్పి ఊరుకుంటే మీకు పనికిరాదు. మీది మారే రేటు అప్పు. ఇవాళ 8.5 శాతం, రేపటి సంగతి ఎవరికీ తెలీదు. అందుకే రేటు ఒక పక్క, కాలం ఒక పక్క పెట్టి మొత్తం లెక్క వేశాను.

లెక్కకు తీసుకున్నవి: అసలు 30,00,000. వాయిదా ప్రతి నెలాఖరున. నెల వడ్డీ అంటే ఏడాది రేటులో పన్నెండో వంతు, అదీ తరిగిపోయే బాకీ మీదే. ప్రాసెసింగ్ ఫీజు, బీమా ఇందులో కలపలేదు. పైసలు వదిలేసి దగ్గరి పూర్ణాంకానికి సరిచేశాను.

నెలకు 27,000 దాటితే ఇల్లు గడవడం కష్టమన్నారు. ఆ గీత లోపల పడ్డ గడులు ముదురు అక్షరాల్లో ఉన్నాయి.

| వడ్డీ రేటు | 10 ఏళ్లు | 15 ఏళ్లు | 20 ఏళ్లు | 25 ఏళ్లు | 30 ఏళ్లు |
|---|---|---|---|---|---|
| 7.5% | 35,611 | 27,810 | **24,168** | **22,170** | **20,976** |
| 8.0% | 36,398 | 28,670 | **25,093** | **23,154** | **22,013** |
| 8.5% (ఇప్పటిది) | 37,196 | 29,542 | **26,035** | **24,157** | **23,067** |
| 9.0% | 38,003 | 30,428 | **26,992** | **25,176** | **24,139** |
| 9.5% | 38,819 | 31,327 | 27,964 | **26,211** | **25,226** |
| 10.0% | 39,645 | 32,238 | 28,951 | 27,261 | **26,327** |

ముందు ముదురు గడుల ఆకారం చూడండి. కింద కుడి మూలకు మెట్లు దిగినట్టు ఉంటుంది. పదేళ్లు, పదిహేనేళ్ల మాట ఇక మర్చిపోవచ్చు, రేటు 7.5కి దిగినా పదిహేనేళ్ల వాయిదా మీ గీత దాటేసింది. ఇరవై ఏళ్ల నిలువు వరసలో 9 శాతం దగ్గర 26,992 ఉంది, గీతకు ఎనిమిదే తక్కువ. అంటే రేటు అర శాతం పెరిగితేనే అంచు మీదికొచ్చేస్తారు, ఇంకో అర శాతం పెరిగితే అంచు దాటినట్టే.

ఇప్పుడు 8.5 శాతం అడ్డు వరసలో ఎడమ నుంచి కుడికి రండి. పది నుంచి పదిహేనేళ్లకు వెళ్తే వాయిదా 7,654 తగ్గుతుంది. అక్కణ్ణుంచి ఇరవైకి 3,507, పాతికకు 1,878. ఆఖరి అయిదేళ్లకు దొరికేది 1,090 మాత్రమే. కాలం ఎంత లాగినా వాయిదా ఒక చోటి కంటే కిందకు దిగదు, ఎందుకంటే 30 లక్షల మీద 8.5 శాతానికి నెల వడ్డీయే 21,250. ముప్ఫై ఏళ్లు పెట్టుకుంటే మొదటి నెల కట్టే 23,067లో అసలుకు చేరేది 1,817.

అదే 8.5 శాతానికి చివరిదాకా కడితే పోయే మొత్తం వడ్డీ ఇదీ:

| కాలం | మొత్తం వడ్డీ (లక్షల్లో) |
|---|---|
| 10 ఏళ్లు | 14.63 |
| 15 ఏళ్లు | 23.18 |
| 20 ఏళ్లు | 32.48 |
| 25 ఏళ్లు | 42.47 |
| 30 ఏళ్లు | 53.04 |

ఇరవై ఏళ్లకే వడ్డీ అసలును మించిపోయింది. బావగారు దీన్ని చూసి బెంబేలెత్తకండి, ఇరవై ఏళ్ల తర్వాతి డబ్బు విలువ ఇవాళ్టి అంత ఉండదు. అలాగని తీసిపారేసే అంకెలూ కావు.

రేటు పెరిగితే ఎవరికి ఎక్కువ దెబ్బ? పొట్టి కాలం పెట్టుకున్నవాళ్లకే అని చాలామంది అనుకుంటారు. పట్టిక తిరగేసి చెబుతోంది. 8.5 కాస్తా 9.5 అయితే పదేళ్ల వాయిదా 1,623 పెరుగుతుంది, అంటే నాలుగున్నర శాతం లోపే. ముప్ఫై ఏళ్లదైతే 2,159, తొమ్మిది శాతం పైమాటే. పొడుగు అప్పులో వాయిదాలో ఎక్కువ భాగం వడ్డీయే కాబట్టి రేటు కదిలితే అదీ గట్టిగా కదులుతుంది.

పట్టికలో కనబడని చిక్కు ఒకటుంది. రేటు పెరిగినప్పుడు చాలాచోట్ల వాయిదా ముట్టుకోకుండా కాలం పొడిగిస్తారు. నెల నెలా పోయే డబ్బు మారదు కాబట్టి మనకు పట్టదు. మీరు 20 ఏళ్లకని 26,035 మొదలుపెట్టాక, మొదట్లోనే రేటు 9.5కి పెరిగి వాయిదా అలాగే ఉంచితే, 240 నెలల అప్పు దాదాపు 309 నెలలకు సాగుతుంది. ఆరేళ్లకు కాస్త తక్కువ అదనం! రేటు 10.41 దాటిందా, 26,035 నెల వడ్డీకే చాలదు, బాకీ తరగడం పోయి పెరగడం మొదలవుతుంది. కాబట్టి రేటు మారిన ప్రతిసారీ మిగిలిన నెలలెన్నో అడిగి రాయించుకోండి.

నా మాట చెప్పమంటే, కాగితం మీద పాతికేళ్లే పెట్టించండి. తప్పనిసరిగా కట్టాల్సింది 24,157. కట్టేది మాత్రం 26,035, మిగతా 1,878 నేరుగా అసలుకు జమ చేయమనండి. రేటు మారకపోతే ఇరవై ఏళ్లకే తీరిపోతుంది. ఏదో ఒక నెల చేతిలో డబ్బు లేకపోతే 24,157తో సరిపెట్టుకోవచ్చు, ఇరవై ఏళ్ల ఒప్పందంలో ఆ వీలుండదు. ముందుగా కట్టినదానికి ఫీజు లేదని, జమ అయిన రోజు నుంచే వడ్డీ తగ్గుతుందని సంతకానికి ముందు తేల్చుకోవాలి. ఆ రెండూ లేకపోతే ఈ ఉపాయం దండగ.

ఇంకో దారి అప్పే తగ్గించుకోవడం. అక్క చిట్టీ డబ్బు రెండు లక్షలు వేస్తే అసలు 28 లక్షలవుతుంది, పట్టికలో ప్రతి గడీ అదే నిష్పత్తిలో దిగుతుంది. అప్పుడు ఇరవై ఏళ్లకు 8.5 దగ్గర 24,299, 9.5 దగ్గర 26,100. 10 శాతానికి 27,021, గీతకు ఇరవై ఒకటే ఎక్కువ. రెండు లక్షలకు ఇంత ఊపిరి దొరుకుతుందని నేనూ అనుకోలేదు.

బావగారు ఎక్సెల్‌లో తానే వేసుకుంటానన్నారు కదా. అసలు అంకె `B1`లో, ఏళ్లు `B7` నుంచి `F7` వరకు, రేట్లు `A8` నుంచి `A13` వరకు రాసి, `B8`లో ఇది పెట్టి పక్కకీ కిందకీ లాగండి:

```
=-PMT($A8/12, B$7*12, $B$1)
```

డాలరు గుర్తులు ఎక్కడివి అక్కడే ఉండాలి, ఒక్కటి జారినా చాలా గడులు తప్పుతాయి. ముందున్న మైనస్ ఎందుకంటే, ఆ ఫార్ములా మన చేతి నుంచి పోయే డబ్బును రుణాత్మకంగా చూపిస్తుంది. రేటును శాతం గుర్తుతో 8.5% అని కొట్టండి. ఉత్త 8.5 అని కొడితే అది 850 శాతం వడ్డీ అనుకుంటుంది. నేను మొదటిసారి అలాగే కొట్టి, వాయిదా చూసి కాసేపు మీకు ఫోన్ చేయడానికే జంకాను.

సరిచూసుకోవడానికి 8.5%, 20 ఏళ్ల గడిలో 26,035 రావాలి. రాకపోతే ఫైల్ నాకు పంపండి, ఆదివారం కూర్చుని చూద్దాం.

మీ తమ్ముడు